చిన్న క్లయింట్‌కి ప్రపోజల్: పని హద్దులు, ఫీజు ఎలా రాస్తే తర్వాత పని పెరిగిపోకుండా ఉంటుంది?

స్టాక్‌లెక్క

అందరికీ నమస్కారం. చిన్న సంస్థలకు గోదాము, స్టాక్ వ్యవహారాల్లో సలహాదారుగా సొంతంగా పని చేస్తుంటాను. ఇప్పుడు ఒక చిన్న హోల్‌సేల్ వ్యాపారానికి ప్రపోజల్ పంపాలి. పుస్తకంలో ఉన్న స్టాక్‌కీ అరల్లో ఉన్న సరుక్కీ పొంతన కుదరడం లేదన్నది వాళ్ల బాధ. ఒకటే గోదాము, సుమారు 600 రకాల వస్తువులు, స్టాక్ చూసే సిబ్బంది నలుగురు. యజమానీ, అకౌంట్స్ చూసే ఆయన తమ్ముడూ ఇద్దరూ నాతో మాట్లాడారు.

డ్రాఫ్ట్‌లో పని గురించి ఇలా రాశాను:

> స్టాక్ నిర్వహణను అధ్యయనం చేసి మెరుగుపరచడం.
> వస్తువుల జాబితాను సరిచేయడం.
> కొత్త పద్ధతిని రాసి ఇవ్వడం, క్లయింట్ తృప్తి చెందేవరకు సవరణలు చేయడం.
> సిబ్బందికి శిక్షణ, అమలులో అవసరమైన సహకారం.
> ఫీజు: మొత్తం పనికి కలిపి ఒకే మొత్తం. సగం ముందు, సగం పని పూర్తయ్యాక.

ఆరు వారాల పని అనుకుంటున్నాను. అయితే మొదటి మీటింగ్‌లోనే "ఎలాగూ వస్తున్నారు కదా, సాఫ్ట్‌వేర్ ఏది కొనాలో కూడా చెప్పేయండి", "ఇంకో గోదాము అద్దెకు తీసుకుంటున్నాం, అదీ ఓసారి చూద్దురు" అన్నారు. ఆ పనులు చేయడానికి నాకేం అభ్యంతరం లేదు, కానీ అవి నా ఫీజు లెక్కలో లేవు. మొహం మీద కొట్టినట్టు కాకుండా హద్దు ఎలా రాయాలి?

పాతకాపు

సాఫ్ట్‌వేర్, రెండో గోదాము సంగతి తర్వాత చూద్దాం. అవి పైకి కనిపించే అదనపు పనులు, అడిగినప్పుడే మీకు తెలిసిపోయింది. మీకు ఎక్కువ నష్టం తెచ్చేవి డ్రాఫ్ట్‌లో మీరే రాసిన లైన్లు. అందులో ఒక్క పని కూడా ఎప్పుడు పూర్తవుతుందో చదివినవాళ్లకు తెలియదు.

"మెరుగుపరచడం" తీసుకోండి. మీరు చక్కటి పద్ధతి రాసిచ్చారు, శిక్షణ ఇచ్చారు. వాళ్ల మనిషి సరుకు దింపుకున్న రోజున ఎంట్రీ వేయకుండా మూడు రోజులు ఆగి వేస్తున్నాడు. నెల తిరిగేసరికి లెక్క మళ్లీ తప్పింది. యజమాని దృష్టిలో స్టాక్ మెరుగుపడలేదు కాబట్టి మీ పని ఇంకా ఉంది. మీ చేతిలో లేని ఫలితానికి మీరు సంతకం పెట్టినట్టయింది.

కాబట్టి ప్రతి లైనునూ బల్ల మీద పెట్టి చూపించగలిగే వస్తువుగా మార్చండి. మీ పనికి నేనైతే ఇలా రాస్తాను:

> 1. ప్రస్తుత పరిస్థితి నివేదిక, ఒకటి. సరుకు రాక, నిల్వ, పంపకం, వాపసు: ఈ నాలుగు దశల్లో లెక్క ఎక్కడ తప్పుతోందో, ఎందుకో. 10 పేజీలు మించదు.
> 2. సరిచేసిన వస్తువుల జాబితా, ఎక్సెల్ షీట్‌గా. ప్రతి వస్తువుకీ ఒకే పేరు, ఒకే కోడ్, ఒకే కొలత.
> 3. స్టాక్ పద్ధతి పత్రం, ఒకటి. పై నాలుగు దశలకూ, వంతులవారీ లెక్కింపుకూ.
> 4. శిక్షణ, రెండు విడతలు. ఒక్కోటి 2 గంటలు, గోదాములోనే.

ఈ నాలుగూ చేతికిచ్చాక పని అయిపోయిందా లేదా అన్న వాదనే రాదు. "అమలులో అవసరమైన సహకారం" అన్న మాట మొత్తంగా తీసేయండి. ఆ ఒక్క మాట కింద ఏ పనైనా పడుతుంది. అమలు సమయంలో అండగా ఉండాలనుకుంటే దానికీ కొలత పెట్టండి: శిక్షణ తర్వాత నాలుగు వారాలు, వారానికి ఒక గంట ఫోన్ కాల్, మిగిలిన గంటలు తర్వాతి వారానికి కలవవు.

గంటలబిల్లు

ఇంత గొడవ ఎందుకండీ? గంటకింత అని రేటు చెప్పేస్తే స్కోప్ పెరగడమన్న సమస్యే ఉండదు. ఎంత అడిగితే అంత చేస్తాం, అంత బిల్లు వేస్తాం. ఒకే మొత్తానికి ఒప్పుకోవడం వల్లే ఈ టెన్షన్లన్నీ.

పాతకాపు

సగం ఒప్పుకుంటాను గంటలబిల్లు గారూ. పని ఎంతుందో ముందు తెలియని చోట గంటల లెక్కే న్యాయం. కానీ చిన్న యజమానికి బిల్లు ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే నిద్ర పట్టదు. పని మొదట్లో తేలాల్సిన గొడవ చివర్లో బిల్లు మీద లేస్తుంది. "ఈ మీటింగ్‌కి రెండు గంటలా? నేనడిగింది ఒక్క ప్రశ్న" అంటారు. గొడవ చోటు మారింది, పోలేదు.

గంటల పద్ధతి పెట్టినా పైన పరిమితి ఉండాలి. 80 శాతం గంటలు అయిపోగానే క్లయింట్‌కి చెప్పాలి, ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పరిమితి దాటాలి. ఆ లెక్కన అక్కడా స్కోప్ రాయక తప్పదు.

రంగులడబ్బా

నాదీ ఇదే బాధ, అందుకే చెబుతున్నాను. నేను లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు చేస్తాను. ఒక క్లయింట్‌కి "మూడు సవరణలు" అని స్పష్టంగానే రాశాను. మొదటి సవరణ యజమాని చెప్పారు. రెండోది ఆయన భార్య. మూడోది సేల్స్ చూసే అబ్బాయి, మొదటిదానికి పూర్తి వ్యతిరేకంగా. మూడూ అయిపోయాయి, డిజైన్ మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది. "మా వాళ్లలో మాకే ఏకాభిప్రాయం లేదు, ఇంకొక్కటి చేయండి" అన్నారు. కాదనలేకపోయాను. సంఖ్య రాస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

పాతకాపు

రంగులడబ్బా గారు చెప్పింది స్టాక్‌లెక్క గారి కేసులో అచ్చంగా జరగబోతోంది. అక్కడ అన్నదమ్ములు ఇద్దరున్నారు. అన్నకు గోదాములో పని తొందరగా జరగాలి, అకౌంట్స్ చూసే తమ్ముడికి ప్రతి కదలికకూ కాగితం కావాలి. పద్ధతి పత్రం వెళ్లగానే ఇద్దరి నుంచీ రెండు రకాల వ్యాఖ్యలు వస్తాయి.

సవరణ లైనులో నాలుగు విషయాలు పడాలి: ఎన్నిసార్లు, ఎవరి నుంచి, ఎన్ని రోజుల్లో, ఏది సవరణ కిందికి వస్తుంది.

> పద్ధతి పత్రం మీద రెండు విడతల సవరణలు ఫీజులో కలిసి ఉన్నాయి. ప్రతి విడతలో సంస్థ తరఫున నిర్ణయించే ఒక వ్యక్తి (పేరు: ______) అందరి వ్యాఖ్యలూ కలిపి ఒకే మెయిల్‌లో పంపుతారు. డ్రాఫ్ట్ అందిన 5 పనిదినాల్లో వ్యాఖ్యలు రావాలి. పత్రంలో ఉన్న దశలను సరిదిద్దడం సవరణ. పత్రంలో లేని కొత్త దశను చేర్చమనడం అదనపు పని.

చివరి రెండు వాక్యాలు చాలామంది రాయరు. ఉదాహరణకు "వాపసు సరుకును తనిఖీ చేసేది ఎవరో తప్పుగా రాశారు" అంటే సవరణ. "విరిగిన సరుకు మీద సప్లయర్ నుంచి డబ్బు రాబట్టే పద్ధతి కూడా రాయండి" అంటే కొత్త పని. రెండూ ఒకే మెయిల్‌లో, ఒకే గొంతుతో వస్తాయి. తేడా కాగితం మీద లేకపోతే మీ నోటితో చెప్పాల్సి వస్తుంది, అప్పుడు అది బేరంలా వినిపిస్తుంది.

స్టాక్‌లెక్క

చాలా ఉపయోగపడుతోంది. వస్తువుల జాబితా గురించి ఒక అనుమానం. 600 అని వాళ్లు నోటి లెక్కన చెప్పారు. షీట్ నమూనా ఒక పేజీ పంపారు, చూస్తే ఒకే బోల్టు మూడు పేర్లతో ఉంది. ఒకచోట సైజు ముందు రాశారు, ఒకచోట వెనక రాశారు, మూడోచోట స్పెల్లింగ్ తేడా. ఒకటి పెట్టెల్లో లెక్క, పెట్టెకు 50. మిగతా రెండూ విడి ముక్కల లెక్క. పుస్తకంలో 40 అని ఉంటే అది 40 పెట్టెలో 40 ముక్కలో చెప్పేవాళ్లు లేరు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలియకుండా ఫీజు ఎలా చెప్పను?

పాతకాపు

మీ ప్రపోజల్‌లో ప్రమాదమంతా ఉన్నది ఈ ఒక్క చోటే. మీ గంటల అంచనా ఇక్కడ పెట్టండి, లెక్క వేద్దాం. డబ్బు వద్దు, గంటలు చాలు.

స్టాక్‌లెక్క

గోదాములో పరిశీలన, మనుషులతో మాట్లాడటం 12 గంటలు. నివేదిక 8. జాబితా, వస్తువుకు 3 నిమిషాల చొప్పున 600కి 30. పద్ధతి పత్రం 14. శిక్షణ, దానికి సిద్ధం కావడం 8. సవరణలు 6. వారానికి ఒక మీటింగ్ చొప్పున 6. మొత్తం 84 గంటలు.

పాతకాపు

సరే. జాబితా తెరిచాక 1,100 వరుసలు తేలాయనుకుందాం. పేర్లు ఇలా రెట్టింపయ్యే షీట్లలో ఇది పెద్ద వింతేం కాదు. అదనంగా 500 వరుసలు, 3 నిమిషాల చొప్పున 25 గంటలు. 84 గంటల పని 109 అయింది. ఫీజు మారలేదు కాబట్టి గంటకు మీకు వచ్చేది అనుకున్నదానిలో 77 శాతమే. ఇందులో క్లయింట్ ఒక్క కొత్త పని కూడా అడగలేదు, గమనించారా? మీరు రాసిన "జాబితాను సరిచేయడం" అన్న మాట లోపలే పని పెరిగింది.

అందుకే అంచనాకు ఆధారమైన సంఖ్యను ప్రపోజల్‌లోనే రాయాలి, అది తప్పితే ఏం జరుగుతుందో కూడా అక్కడే రాయాలి:

> ఈ ఫీజు 600 వరుసల జాబితాను ఆధారం చేసుకుని లెక్కించినది. 660 వరుసల వరకు అదనపు ఫీజు లేదు. అంతకు మించితే, ప్రతి 50 వరుసలకూ లేదా అందులో భాగానికీ మొత్తం ఫీజులో 3 శాతం అదనం. పని మొదలైన మొదటి వారంలోనే వరుసల సంఖ్య లెక్కపెట్టి తెలియజేస్తాను. అదనపు వరుసల పని క్లయింట్ అనుమతి వచ్చాకే మొదలవుతుంది.

3 శాతం ఎక్కడిదంటే, 50 వరుసలకు రెండున్నర గంటలు, అది 84లో సుమారు 3 శాతం. 1,100 వరుసలు వస్తే 660కి పైన 440, అంటే 50 చొప్పున తొమ్మిది భాగాలు, 27 శాతం అదనం. ఆ మాట మొదటి వారంలోనే చెబుతున్నారు కాబట్టి క్లయింట్‌కి దారులు ఉంటాయి. డబ్బు కట్టొచ్చు. వాడుకలో లేని పాత వస్తువులను జాబితా నుంచి తీయించొచ్చు. ఆ 440 వరుసలను మీరు చూపించిన పద్ధతిలో వాళ్ల మనిషే సరిచేయొచ్చు. ఐదో వారంలో చెబితే ఇవేవీ మిగలవు, చేదు మాత్రం మిగులుతుంది.

మొదట 10 శాతం వరకు ఉచితంగా వదిలేయడం కావాలనే పెట్టాను. 612 వచ్చినప్పుడు బిల్లు పంపితే బంధం చెడుతుంది.

గంటలబిల్లు

ఇది నేను చెప్పినదానికి దగ్గరగానే ఉంది కదా! కొలత ప్రకారం బిల్లు.

పాతకాపు

అవును, ఈ ముక్క వరకు మీ మాటే నెగ్గింది. తెలియని భాగానికి కొలత ప్రకారం, తెలిసిన భాగానికి ఒకే మొత్తం. రెండూ ఒకే ప్రపోజల్‌లో ఉండొచ్చు.

దుకాణంయజమాని

అటువైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. నేను చిన్న వ్యాపారిని, ఇలాంటి ప్రపోజళ్లు అందుకునేవాణ్ని. ఒకరు తొమ్మిది పేజీలు పంపారు. అందులో మూడు పేజీల నిండా ఆయన చేయని పనుల పట్టికే. నేను కలలో కూడా అడగని పనులు అందులో ఉన్నాయి. చదువుతుంటే ఈయన రేపటి గొడవకు ఇప్పుడే సిద్ధమవుతున్నాడని అనిపించింది. ఆ పని ఇంకొకరికి ఇచ్చాను.

ఇంకొకరు రెండు పేజీలే పంపారు. చివర "మీరు మీటింగ్‌లో ప్రస్తావించిన విషయాలు" అని మూడే లైన్లు. ఫలానాది ఇందులో లేదు, కావాలంటే ఇంత, ఇన్ని రోజులు. నేను అన్న మాట గుర్తుపెట్టుకున్నాడు, ధర కూడా చెప్పాడు. అందులో ఒకటి తీసుకున్నాను కూడా.

పాతకాపు

ఈ మాట బంగారం. స్టాక్‌లెక్క గారూ, మీ సాఫ్ట్‌వేర్ ప్రశ్నకు, రెండో గోదాము ప్రశ్నకు జవాబు ఇదే. ఆ రెండింటినీ "చేర్చనివి" అన్న శీర్షిక కింద పడేయకండి, ధరతో సహా ఐచ్ఛికంగా రాయండి. సాఫ్ట్‌వేర్ ఎంపికకు: అవసరాల పట్టిక ఒకటి, మూడు సాఫ్ట్‌వేర్ల పోలిక, డెమో కాల్స్ మూడింటిలో పాల్గొనడం, ఫీజు ఇంత. రెండో గోదాముకు: మొదటిది పూర్తయ్యాక, వేరే ప్రపోజల్.

"ఒక్కసారి డెమో కాల్‌లో కూర్చోండి" అన్నప్పుడు మీరు కాదనాల్సిన పని ఉండదు. "రెండో పేజీలో రాశాను కదా, అది మొదలుపెడదామా?" అంటే చాలు.

వేచిచూస్తా

నాకూ ఒక క్లయింట్ ఎనిమిది నెలలుగా బాకీ ఉన్నాడు. ఫోన్ ఎత్తడు. మీరు చెప్పే సవరణ లైన్లు పెడితే బాకీ వసూలవుతుందా? నోటీసు పంపాలా?

కాగితంకలం

వేచిచూస్తా గారూ, మీది వేరే సమస్య. జరిగిపోయిన పనికి బాకీ వసూలు చేయడం గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, తెలిసినవాళ్లు చెబుతారు. అయితే మీ ప్రశ్నలోంచి ఈ చర్చకు పనికొచ్చేది ఒకటుంది. వాయిదాలు ఎలా కట్టాం అన్నదాని మీదే చివరి వాయిదా అందడం ఆధారపడుతుంది.

స్టాక్‌లెక్క గారు "సగం పని పూర్తయ్యాక" అని రాశారు. పని పూర్తి కావడానికి శిక్షణ జరగాలి, శిక్షణకు సిబ్బంది ఖాళీగా ఉండాలి. సీజన్ వస్తే యజమాని "ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం" అంటారు. ఆయన మోసం చేయడం లేదు, నిజంగానే తీరిక ఉండదు. మీ సగం ఫీజు మాత్రం ఆగిపోతుంది. అంతేకాదు, డబ్బు చేతికి రానంత కాలం ఆయన అడిగే చిన్నచిన్న పనులకు కాదనే ధైర్యం మీకు ఉండదు. నేను చూసినంతలో స్కోప్ ఎక్కువగా పెరిగేది చివరి వాయిదా కోసం ఎదురుచూసే రోజుల్లోనే.

అందుకని 40, 30, 30గా విడగొట్టండి. 40 మొదలుపెట్టే ముందు, 30 నివేదిక, జాబితా రెండూ అందించాక, చివరి 30కి ఇలా:

> శిక్షణ పూర్తయిన రోజున, లేదా పద్ధతి పత్రం తుది ప్రతి అందిన 15 రోజులకు, ఏది ముందైతే అప్పుడు. క్లయింట్ వైపు నుంచి శిక్షణ వాయిదా పడితే, 60 రోజుల్లోపు ఎప్పుడైనా అదే ఫీజులో ఇస్తాను.

స్టాక్‌లెక్క

కాగితంకలం గారూ, డ్రాఫ్ట్ పంపాక జవాబే రాకపోతే? 5 పనిదినాలు దాటితే ఒప్పుకున్నట్టే అని రాయొచ్చా?

కాగితంకలం

రాయొచ్చు, చాలామంది రాస్తారు. కానీ దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం ఏ మేరకు చెల్లుతుందో చోటును బట్టి, ఒప్పందంలోని మాటలను బట్టి మారుతుంది. మూడో రోజున ఒక గుర్తుచేసే మెయిల్ పంపండి, గడువు తీరాక "ఈ ప్రతిని తుది ప్రతిగా తీసుకుని ముందుకు వెళ్తున్నాను" అని ఇంకో మెయిల్ పంపండి. కోర్టు సంగతి ఎలా ఉన్నా, ఆ రెండు మెయిళ్లు ఉంటే మాట్లాడుకునేటప్పుడు మీ మాటకు బలం ఉంటుంది.

"రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మార్పు లేదు" అన్న లైనూ అంతే. ఉండాలి. బ్రిటన్‌లో 2018లో రాక్ అడ్వర్టైజింగ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అలాంటి షరతు చెల్లుతుందని చెప్పింది. అన్ని దేశాల్లో అదే తీరు కాదు. నోటిమాట మీద, లేదా నడుచుకున్న తీరు మీద ఒప్పందం మారిపోయిందని ఒప్పుకునే చోట్లూ ఉన్నాయి. వాళ్లు ఫోన్‌లో అడగ్గానే మీరే మూడుసార్లు ఉచితంగా చేసి, నాలుగోసారి "రాసివ్వండి" అంటే ఆ లైను బలం ఎక్కడైనా తగ్గుతుంది.

కాబట్టి ఉచితంగా చేసినా సరే, కాగితం మీద పెట్టండి. మార్పు పత్రం పేజీ కూడా అక్కర్లేదు:

> అడిగినది: విరిగిన సరుకుకు సప్లయర్ క్లెయిమ్ పద్ధతి.
> అదనపు సమయం: 5 గంటలు. గడువు మీద ప్రభావం: 3 పనిదినాలు.
> అదనపు ఫీజు: ______ / ఈసారికి లేదు.
> అనుమతి: ______ తేదీ: ______

"ఈసారికి లేదు" అని రాసినప్పుడు కూడా అడిగినవాళ్లకు 5 గంటలన్న విలువ కనిపిస్తుంది. అది కనబడకపోతే తర్వాతిసారి కూడా ఉచితమే అనుకుంటారు.

రంగులడబ్బా

రెండు నిమిషాల పనికి కూడా ఈ పత్రం పంపాలా? నా క్లయింట్లు పారిపోతారు.

కాగితంకలం

రెండు నిమిషాలదానికి అక్కర్లేదు. నేను అరగంట గీత పెట్టుకుంటాను. అరగంట లోపు పని చేసి, వారం చివరి మెయిల్‌లో ఒక లైను రాస్తాను. దాటితే పత్రం. మీ గీత మీరు పెట్టుకోండి.

స్టాక్‌లెక్క

తిరగరాసి పంపాను. రెండున్నర పేజీలు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎంపిక ఐచ్ఛికంగా ధరతో పెట్టాను. వ్యాఖ్యలు పంపే వ్యక్తి పేరు ఖాళీగా వదిలాను, వాళ్లే నింపుతారని.

జవాబు వచ్చింది. పని విభజన నచ్చిందట, తమ్ముడి పేరు నింపారు. కానీ "మొత్తం మీద 15 శాతం తగ్గించండి, వెంటనే మొదలుపెడదాం" అన్నారు. నాకు ఈ పని కావాలి. తగ్గించి ఒప్పుకోనా?

గంటలబిల్లు

తగ్గించండి, తర్వాత అదనపు పనుల్లో రాబట్టుకోవచ్చు.

పాతకాపు

అలా చేయకండి. అదనపు పనుల్లో రాబట్టాలని మనసులో పెట్టుకుని ఒప్పుకుంటే, ప్రతి చిన్న విషయానికీ మార్పు పత్రం తీసే మనిషి అవుతారు. అది క్లయింట్‌కి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. పైగా ఏమీ తీయకుండా 15 శాతం తగ్గిస్తే, మొదటి ధర గాలిలోంచి వచ్చిందని మీరే చెప్పినట్టు. ఆ తర్వాత "వరుసకు ఇంత" అన్న లెక్కను కూడా ఎవరూ నమ్మరు.

ధర తగ్గాలంటే పని తగ్గాలి. 84 గంటల్లో 15 శాతం అంటే సుమారు పన్నెండున్నర గంటలు. మీ పట్టికలోంచే తీయండి. జాబితాలో 250 వరుసలు వాళ్ల మనిషి సరిచేస్తే పన్నెండున్నర గంటలు, సరిగ్గా సరిపోయింది. మొదటి 350 మీరు చేసి చూపిస్తారు, మిగతావి ఆయన అదే పద్ధతిలో చేస్తారు. ఇందులో వాళ్లకు ఇంకో లాభం ఉంది. మీరు వెళ్లిపోయాక కొత్త వస్తువు వస్తే కోడ్ ఇవ్వడం తెలిసిన మనిషి అక్కడ ఒకరు మిగులుతారు.

ఒక జాగ్రత్త. అప్పుడు వాళ్ల పని మీ పనికి ముందు షరతు అవుతుంది. "250 వరుసలు నాలుగో వారం చివరికి అందకపోతే పద్ధతి పత్రం గడువు ఆలస్యమైనన్ని రోజులు పెరుగుతుంది" అని రాయండి. వాళ్లు చేసిన వరుసల్లో మళ్లీ తప్పులుంటే వాటిని సరిచేయడం మీ ఫీజులో లేదని కూడా. వరుసల సంఖ్య మీద పెట్టిన షరతులో 600, 660 అన్నవి 350, 385గా మార్చడం మరవకండి, శాతాన్ని కూడా కొత్త ఫీజు మీద లెక్కవేయండి. ధర మార్చి ఆ పాత సంఖ్యలు అలాగే వదిలేస్తే ఒప్పందం తనతో తానే పోట్లాడుతుంది.

దుకాణంయజమాని

నేనైతే ఇలాంటి జవాబును గౌరవిస్తాను. 15 శాతం అడగడం మాకు అలవాటు, అడగకపోతే వదులుకున్నట్టు ఉంటుంది. కానీ గంటలన్నీ విప్పి చూపించకండి. మీటింగులకు 6 గంటలు అని కనబడితే, "మీటింగులు తీసేయండి, ఆ డబ్బు తగ్గించండి" అంటాను.

కాగితంకలం

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. గంటలు చూపిస్తేనే జాబితాలోంచి ఎంత తీస్తే ఎంత తగ్గుతుందో క్లయింట్‌కి అర్థమవుతుంది. దాచి, 15 శాతానికి సరిగ్గా 250 వరుసలని చెబితే ఎందుకు నమ్మాలి?

పాతకాపు

నేను మధ్యలో ఉంటాను. అప్పగించే నాలుగింటికీ విడివిడిగా ఫీజు చూపిస్తాను. మీటింగులు, మెయిళ్లు, సవరణలు ఆ నాలుగింటిలోనే కలిపేస్తాను. గంటలు నా దగ్గరే ఉంటాయి, వరుసకు పట్టే సమయం ఒక్కటి తప్ప. అది కొలత షరతుకు ఆధారం కాబట్టి చూపించాలి. కానీ గంటలన్నీ విప్పి చూపించి కూడా హాయిగా పని చేసుకునేవాళ్లు నాకు తెలుసు. ఇది క్లయింట్‌ను బట్టి తేల్చుకోవాల్సిందే.

స్టాక్‌లెక్క

350 వరుసలు నేను, 250 వాళ్లు అని పంపాను. గంటలు చూపించలేదు, నాలుగు అంశాలకూ విడివిడిగా ఫీజు పెట్టాను. తమ్ముడు ఒప్పుకున్నారు. అన్నగారు ఫోన్ చేసి, "మా అబ్బాయి చేసే 250 వరుసలను మీరు ఓసారి చూసి చెబుతారు కదా" అన్నారు. ఇది సవరణా, అదనపు పనా?

పాతకాపు

మీరు రాసిన దాని ప్రకారం అదనపు పనే. కానీ అసలు చూడకపోతే పద్ధతి పత్రం తప్పుడు జాబితా మీద నిలబడుతుంది, అది మీకూ మంచిది కాదు. మొదటి 25 వరుసలు పూర్తవగానే ఒక్కసారి చూసి, తప్పులు చెప్పే అరగంట కాల్ ఒకటి ఫీజులో కలపండి. మొత్తం 250 చూడాలంటే వరుసకు ఒక నిమిషం చొప్పున నాలుగు గంటలకు పైనే, దానికి ధర చెప్పండి. సంతకానికి ముందే మెయిల్‌లో రాయండి, ఇప్పుడు కాల్‌లో ఒప్పుకున్నది పత్రంలోకి ఎక్కాకే 40 శాతం ఇన్వాయిస్ పంపండి.

స్టాక్‌లెక్క

మెయిల్ ఇప్పుడే పంపాను. తమ్ముడికి పంపి అన్నగారిని కాపీలో పెట్టాను.